సీటు వచ్చింది, లెటర్ ఇచ్చిన మేడమ్‌కి ఏమని రాయాలి?

బెంజీన్_బుజ్జి

అమెరికాలో, ఇండియానా రాష్ట్రంలో కెమిస్ట్రీ పీహెచ్‌డీకి సీటు వచ్చింది, అసిస్టెంట్‌షిప్‌తో సహా. ఆఫర్ ఒప్పుకుని సంతకం కూడా పెట్టేశాను. ఇప్పుడు రిఫరెన్స్ లెటర్లు ఇచ్చిన ముగ్గురికీ థాంక్స్ చెప్పాలి. ఒకరు ఎమ్మెస్సీలో నా ప్రాజెక్ట్ గైడ్ మేడమ్. ఇంకొకరు మా హెచ్‌ఓడీ సార్. మూడో ఆయన హైదరాబాద్‌లో నేను పనిచేసిన ఫార్మా కంపెనీలో మా టీమ్ లీడ్.

ఉత్త థాంక్స్ అని రాసి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. మేడమ్ లెటర్ నిజంగా పనిచేసింది, ఆ సంగతి ఆవిడకి తెలియాలి. జనవరిలో జూమ్ ఇంటర్వ్యూలో అక్కడి ప్రొఫెసర్ మొదటి ప్రశ్నే మేడమ్ రాసిన విషయం మీద అడిగారు. కానీ లెటర్ కాన్ఫిడెన్షియల్ కదా, నేను చూడకూడదని అప్లికేషన్‌లో టిక్ పెట్టాను. అలాంటప్పుడు "మీరు ఇలా రాశారట" అని మేడమ్‌కే రాయొచ్చా? ఇది మొదటి ప్రశ్న.

రెండోది. హెచ్‌ఓడీ సార్ "నువ్వే డ్రాఫ్ట్ రాసుకుని తీసుకురామ్మా" అన్నారు. రాసిచ్చాను, ఆయన అప్‌లోడ్ చేశారు. ఆయనకి "మీ లెటర్ చాలా ఉపయోగపడింది సార్" అని ఎలా రాయను?

మూడోది, టీమ్ లీడ్ లెటర్ వల్ల ఏమైనా ఒరిగిందో లేదో నాకు అసలు తెలియదు.

అమ్మేమో వీసా వచ్చేదాకా ఎవరికీ చెప్పొద్దంటోంది. వచ్చాక చీర, పళ్లు పట్టుకుని మేడమ్ ఇంటికి వెళ్దాం అంటోంది.

ఉప్మా_వద్దు

ముందు మాకు స్వీట్లు. తర్వాత మేడమ్ సంగతి.

డల్లాస్_మూర్తి

కంగ్రాట్స్. కానీ జాగ్రత్త. నువ్వు ఫెర్పా హక్కు వదులుకున్నావు. అంటే ఆ లెటర్‌లో ఏముందో నీకు తెలియకూడదు, దాని గురించి మాట్లాడకూడదు. ఇంటర్వ్యూలో ఆయన నోరు జారారు, అది బయటపెడితే ఆయనకీ ఇబ్బంది, నీకూ ఇబ్బంది. జనరల్‌గా థాంక్స్ చెప్పి వదిలేయ్.

సిరిసిల్ల_సిరి

నాక్కూడా రిఫరెన్స్ లెటర్ కావాలి, ఫార్మాట్ ఎవరి దగ్గరైనా ఉందా? వర్డ్ ఫైల్ అయితే మంచిది.

ల్యాబ్‌కోటు

@సిరిసిల్ల_సిరి ఇక్కడి ప్రశ్న అది కాదండీ, లెటర్ ఇచ్చాక థాంక్స్ ఎలా చెప్పాలని. అయినా ఫార్మాట్ వెతకడం వద్దు. ఒకే ఫైల్ ఊరంతా తిరిగితే చదివేవాళ్లు ఇట్టే పట్టేస్తారు.

@డల్లాస్_మూర్తి సగం కరెక్టే. ఫెర్పా 1974 నాటి అమెరికా చట్టం, విద్యార్థుల రికార్డుల గురించి. చేరిన విద్యార్థికి తన ఫైల్ చూసుకునే హక్కు ఉంటుంది. అప్లికేషన్‌లో ఆ టిక్ పెడితే "ఈ లెటర్ల విషయంలో ఆ హక్కు నాకు వద్దు" అన్నట్టు. అంతవరకే. ఆ లెటర్ గురించి ఎవరితోనూ మాట్లాడకూడదని అందులో ఎక్కడా లేదు. పైగా రాసింది మేడమ్. ఆవిడ రాసిన మాట ఆవిడకే చెబితే అందులో దాచడానికి ఏముంది?

నేను ఇక్కడ పీహెచ్‌డీ నాలుగో ఏడు. ఇంటర్వ్యూలో లెటర్ ప్రస్తావన తేవడం నోరు జారడమేమీ కాదు. లెటర్‌లో ఒక సంగతి కనబడితే అది నిజమా కాదా, ఆ పని ఈ అమ్మాయే చేసిందా అని చూడటానికి కావాలనే అడుగుతారు.

డల్లాస్_మూర్తి

సరే, చట్టం మాట వదిలేద్దాం. కానీ అక్కడి ప్రొఫెసర్ పేరు పెట్టి "ఆయన ఇలా అన్నారు" అని మెయిల్ రాస్తే, అది ఇంకెక్కడికైనా వెళితే? రేపు ఆయన ల్యాబ్‌లోనే చేరాల్సి రావచ్చు.

ల్యాబ్‌కోటు

ఆ భయంలో న్యాయం ఉంది. పేరు లేకుండా "ఆర్గానిక్ విభాగం ప్రొఫెసర్ ఒకరు" అంటే సరిపోతుంది. ఆయన మెయిల్ పంపి ఉంటే దాన్ని ఉన్నదున్నట్టు ఫార్వర్డ్ చేయకూడదు. లింక్డ్‌ఇన్‌లో మేడమ్‌ని ట్యాగ్ చేసి "నా గురించి ఇలా రాశారు" అని అసలే పెట్టకూడదు. మిగతా ఇద్దరికీ కూడా మేడమ్ లెటర్ గురించి చెప్పకు. ఎవరి మెయిల్ వాళ్లకి విడివిడిగా.

పాతచాక్‌పీస్

ముప్పై ఏళ్లకు పైగా కెమిస్ట్రీ చెప్పి రిటైర్ అయినవాణ్ణి. ఎన్ని రిఫరెన్స్ లెటర్లు రాశానో లెక్క పెట్టుకోలేదు. లెటర్ రాసేవాడి వైపు నుంచి ఒక మాట చెబుతాను.

మేము డిసెంబర్‌లో లెటర్ అప్‌లోడ్ చేస్తాం. పోర్టల్ నుంచి "అందింది, ధన్యవాదాలు" అని ఒక మెయిల్ వస్తుంది. ఆ తర్వాత ఇంకేమీ తెలియదు. ఆ పిల్లకి సీటు వచ్చిందా, ఎక్కడ వచ్చింది, ఎక్కడ రాలేదు, మేం రాసినదాంట్లో ఏ మాట వాళ్లు పట్టుకున్నారు, ఏదీ మా దాకా రాదు. యూనివర్సిటీ చెప్పదు. విద్యార్థి చెబితేనే తెలియాలి. చాలామంది చెప్పరు. చెప్పినవాళ్లు కూడా "మీ ఆశీస్సులు" అని రెండు ముక్కలు రాస్తారు. ఆ గౌరవానికి సంతోషమే, కానీ దాంతో మాకు తెలిసింది ఏమీ లేదు.

ఎందుకు తెలియాలంటే, మరుసటి ఏడు ఇంకో పిల్లవాడు అదే డిపార్ట్‌మెంట్‌కి అప్లై చేస్తాడు. అప్పుడు నేను "ఫలానా సంవత్సరం మీ దగ్గర చేరిన నా విద్యార్థిని మీకు తెలుసు, ఈ అబ్బాయి ప్రయోగాల్లో ఆమెకి సాటి, రాయడంలో కాస్త తక్కువ" అని రాయగలను. అమెరికా కమిటీలకి మన మార్కులు, మన ర్యాంకులు పెద్దగా అంతుబట్టవు. తాము చూసిన మనిషితో పోలిస్తే వెంటనే అర్థమవుతుంది. ఆ వాక్యం రాయాలంటే ఎవరు ఎక్కడ చేరారో నాకు తెలిసి ఉండాలి.

కాబట్టి బుజ్జీ, ఇంటర్వ్యూలో ఏం అడిగారో తప్పకుండా రాయమ్మా. ఇంతకీ ఏం అడిగారు?

బెంజీన్_బుజ్జి

చెబుతాను మాస్టారూ. నా ప్రాజెక్ట్‌లో గ్రిన్యార్డ్ రియాక్షన్ ఒక స్టెప్. ఒకరోజు యీల్డ్ 70 శాతం వచ్చేది, ఇంకోరోజు 20 కూడా వచ్చేది కాదు. కొన్ని రోజులైతే రియాక్షన్ మొదలే అయ్యేది కాదు. మెగ్నీషియం పాతదైపోయిందని అందరం అనుకున్నాం. కొత్త సీసా తెప్పించాం, అయొడీన్ పలుకు వేసి చూశాం, అయినా అంతే.

మాది సముద్రం పక్క ఊరు, వానాకాలం ల్యాబ్‌లో గోడలు కూడా చెమ్మగిల్లుతాయి. టీహెచ్‌ఎఫ్ సాల్వెంట్‌లో తడి తీసే స్టిల్‌లో సోడియం, బెంజోఫినోన్ వేసి మరిగిస్తాం కదా, తడి, గాలి లేకపోతే ముదురు నీలం రంగు వస్తుంది. నీలం కనబడితే సాల్వెంట్ పట్టుకెళ్లడం అందరికీ అలవాటు. నేను నోట్‌బుక్‌లో యీల్డ్ పక్కనే ఆ రోజు స్టిల్ రంగు కూడా రాయడం మొదలుపెట్టాను. యీల్డ్ పడిపోయిన రోజులన్నీ రంగు ఆకుపచ్చకి తిరిగిన రోజులే. ముందు రోజు సాయంత్రం నీలం చూసి, మర్నాడు పొద్దున మళ్లీ చూడకుండా తీసుకెళ్తున్నాం. సోడియం అయిపోవచ్చింది, ఎవరూ గమనించలేదు. కొత్త సోడియం వేసి, రంగు తిరిగి వచ్చి నిలిచాకే తీయాలని పెట్టుకున్నాక యీల్డ్ నిలకడగా వచ్చింది.

ఇంటర్వ్యూలో ఆ ప్రొఫెసర్ అడిగింది ఇదే: "మీ గైడ్ స్టిల్ రంగు గురించి రాశారు. ఏం జరిగిందో మీ మాటల్లో చెప్పండి." సగం ఇంటర్వ్యూ దాని మీదే నడిచింది.

కర్నూలు_కిరణం

భలే. మార్కులు చూసి ఎవరూ ఇలాంటి ప్రశ్న అడగరు.

పాతచాక్‌పీస్

మంచి లెటర్ రాశారు మీ మేడమ్. "చాలా తెలివైన, కష్టపడే అమ్మాయి" అని ఒక పేజీ నింపినా రానిది ఆ ఒక్క సంగతితో వచ్చింది. ఒక్కటి అడుగుతాను. అది లెటర్ నుంచే వచ్చిందని నీకు ఖాయంగా తెలుసా? నీ ఎస్‌ఓపీలో లేదు కదా?

బెంజీన్_బుజ్జి

లేదు మాస్టారూ. ఎస్‌ఓపీలో ఫైనల్ యీల్డ్ మాత్రమే రాశాను, ఈ గొడవంతా చిన్న విషయం అనుకుని వదిలేశాను. పైగా ఆయన "మీ గైడ్ రాశారు" అని నోటితోనే అన్నారు.

పాతచాక్‌పీస్

అయితే నిక్షేపంగా రాయొచ్చు. ఈ తేడా చూసుకోవాలి. ఎస్‌ఓపీలో కూడా ఉన్న విషయం అడిగితే అది లెటర్ వల్ల అడిగారని చెప్పలేం. నువ్వు ఎక్కడా రాయనిది వాళ్ల నోట వస్తే అది లెటర్‌దే. ఎక్కడిదో తెలియకపోతే "ఈ విషయం అడిగారు" అని మాత్రం రాయి, "మీ లెటర్ వల్ల" అని కలపకు.

గోదారి_గాలి

అమ్మ మాట గురించి నేను చెబుతాను. మా ఇంట్లో కూడా అంతే, దిష్టి తగులుతుందని వీసా స్టాంప్ పడేదాకా ఎవరికీ చెప్పనివ్వలేదు. జులైలో వీసా వచ్చింది. ఈలోగా మా సీనియర్ ఎవరో ఫేస్‌బుక్‌లో పెట్టేస్తే మా గైడ్ అక్కడ చూశారు. నేను ఫోన్ చేస్తే "చూశానమ్మా, సంతోషం" అన్నారు, అంతే. పొడిగా. ఆ తర్వాత మునుపటిలా మాట్లాడలేదు.

ఉప్మా_వద్దు

మేడమ్ దిష్టి పెట్టే రకమైతే లెటరే ఇచ్చేవారు కాదుగా. అమ్మకి అలా చెప్పి చూడు.

ల్యాబ్‌కోటు

ఫండింగ్ ఉన్న ఆఫర్లకి చాలా అమెరికా యూనివర్సిటీలు ఏప్రిల్ 15 దాకా టైమ్ ఇస్తాయి. బుజ్జి ఒప్పుకున్నది అయిపోయింది, అంటే చెప్పడానికి ఇదే టైమ్. ఆఫర్ చేతిలో ఉండి ఇంకా తేల్చుకోకపోతే గైడ్‌ని అప్పుడే అడగడం ఇంకా మంచిది, ఏ ల్యాబ్ ఎలాంటిదో వాళ్లకి తెలుస్తుంది. వీసా సంగతి వేరు. అది వచ్చాక ఇంకో రెండు లైన్లు రాస్తే పోయింది. ఒకవేళ రాకపోతే, చేరడం వాయిదా వేసుకోవాల్సి వస్తే, అప్పుడు ముందు కావాల్సింది కూడా మేడమ్ సాయమే.

మ్యూనిక్_మహి

నాకు ఈ గోల ఏదీ లేదు. జర్మనీలో నా మాస్టర్స్‌కి లెటర్లే అడగలేదు. మార్కులు, సిలబస్, ఇంగ్లిష్ స్కోర్ చూసి ఇచ్చేశారు. ఎవరికీ థాంక్స్ చెప్పే పని పడలేదు.

కర్నూలు_కిరణం

@మ్యూనిక్_మహి జర్మనీలో కూడా కొన్ని కోర్సులకి అడుగుతారు, మా చెల్లిని అడిగారు. నీ కోర్సుకి అడగలేదు, అంతే. అయినా ట్రాన్స్‌క్రిప్ట్, సిలబస్ కాపీల మీద ఎవరో ఒకరు సీల్ వేసే ఉంటారుగా. వాళ్లకైనా చెప్పాల్సింది.

మ్యూనిక్_మహి

అది నిజమే. ఎగ్జామ్ సెక్షన్‌లో ఒకాయన సిలబస్ మొత్తం స్టాంపులు వేసిచ్చారు. ఆయనకి ఫోన్ చేస్తాను.

కర్నూలు_కిరణం

ఇప్పుడు హెచ్‌ఓడీ సంగతి. నాకు ఈ "నువ్వే రాసుకురా" అనే పద్ధతి మీద కోపం ఉంది, దాచుకోను. నాకూ అలాగే జరిగింది. మూడు లెటర్లూ నేనే రాసుకున్నాను, మూడింట్లోనూ ఒకే గొంతు. కొన్ని పోర్టల్స్‌లో "ఈ లెటర్ నేనే రాశాను" అని రిఫరీ చేత ఒప్పించుకుంటారు కూడా. సంతకం పెట్టినవాళ్లది అబద్ధం, రాసిన మనది సగం అబద్ధం. దాని మీద ఇంకో అబద్ధం ఎందుకు? "మీ లెటర్ ఉపయోగపడింది" అని రాయకు. సీటు వచ్చిందని చెప్పు, చాలు.

ఫార్మా_పవన్

అంత కటువుగా చూడకండి. మా కాలేజీలో ఒక్క సార్ దగ్గరికి యాభై అరవై మంది వచ్చేవాళ్లు, ఒక్కొక్కరు అయిదారు యూనివర్సిటీలు. ఆయన రాయగలరా?

కర్నూలు_కిరణం

రాయలేకపోతే రాయలేనని చెప్పాలి. లేదా కాలేజీయే ఒక మనిషికి ఇన్ని లెటర్లు అని పరిమితి పెట్టాలి. కొన్ని చోట్ల పెట్టారు కూడా.

పాతచాక్‌పీస్

కిరణం గారు చెప్పింది సరైన మాటే, నేనూ ఆ పద్ధతిని సమర్థించను. నేను పిల్లల దగ్గర డ్రాఫ్ట్ తీసుకునేవాణ్ణి కాదు, ఒక పేజీ నోట్స్ అడిగేవాణ్ణి: నా దగ్గర ఏం చేశావు, ఏది చెడిపోయింది, ఎలా సరిచేశావు అని. లెటర్ నేనే రాసుకునేవాణ్ణి. నోట్స్ విద్యార్థివి, తీర్పు నాది. మీ మేడమ్‌కి ఆ స్టిల్ రంగు గుర్తుందంటే ఆవిడ నీ నోట్‌బుక్ చదివారన్నమాట.

అయితే హెచ్‌ఓడీ గారు ఏమీ చేయలేదనడం కూడా న్యాయం కాదు. లెటర్ అప్‌లోడ్ చేసే పేజీలో ఒక పట్టిక ఉంటుంది. పరిశోధన సామర్థ్యం, సొంతంగా ఆలోచించడం, ఇంగ్లిష్, నలుగురితో కలిసి పనిచేయడం, ఇలా వరుసగా. ఒక్కోదానికీ "నేను చూసిన విద్యార్థుల్లో మొదటి 5 శాతంలో ఉంది, 10 శాతంలో ఉంది" అని గుర్తు పెట్టాలి. ఎన్నేళ్లుగా తెలుసు, ఏ హోదాలో తెలుసు అనీ అడుగుతారు. అవి విద్యార్థి డ్రాఫ్ట్‌లో ఉండవు. ఆయనే నింపి ఉండాలి, ప్రతి యూనివర్సిటీకీ విడిగా.

బెంజీన్_బుజ్జి

ఈ పట్టిక సంగతి నాకు తెలియదు మాస్టారూ! సార్ అన్ని పోర్టల్స్‌లోనూ యూనివర్సిటీ మెయిల్ ఐడీ నుంచే పంపారు. ఆయన మామూలుగా జీమెయిలే వాడతారు, నా కోసం పాత పాస్‌వర్డ్ మార్పించుకుని మరీ తెరిచారు. సొంత జీమెయిల్ నుంచి వచ్చే లెటర్లని కొన్ని యూనివర్సిటీలు అనుమానంగా చూస్తాయని నేను చెబితే.

ల్యాబ్‌కోటు

అదిగో, రాయాల్సింది అదే. "లెటర్ ఉపయోగపడింది" అని కాకుండా "నా కోసం యూనివర్సిటీ మెయిల్ తెరిపించుకుని, అన్ని చోట్లా గడువులోపు పంపారు, ఒక్క అప్లికేషన్ కూడా ఆగలేదు" అని. ప్రతి అక్షరం నిజం. లెటర్ అందక ఆగిపోయే అప్లికేషన్లు ఎన్నో ఉంటాయి.

కర్నూలు_కిరణం

ఇదైతే నాకు సమ్మతమే. కానీ డ్రాఫ్ట్ రాయించుకోవడం తప్పు అన్న మాట మీద మాత్రం నేను కదలను.

ఫార్మా_పవన్

మీరు కదలొద్దు, నేనూ కదలను. మా సార్ చేత అన్నీ ఆయన్నే రాయించి ఉంటే మాలో సగం మంది అప్లై చేసేవాళ్లమే కాదు.

టీమ్ లీడ్ గురించి చెబుతాను, నేనిప్పుడు ఆ సీట్లోనే ఉన్నాను కాబట్టి. కంపెనీల్లో ఇది చిన్న సాయం కాదు. కొన్ని చోట్ల హెచ్‌ఆర్ ఒప్పుకోదు, లెటర్‌హెడ్ ఇవ్వరు, మాలిక్యూల్ పేరు రాయకూడదు, క్లయింట్ పేరు రాయకూడదు. అన్నీ కత్తిరించి మిగిలినదాంతో ఒక మనిషి గురించి రాయాలి. నేను ఒక అబ్బాయికి అలా రాశాను. వాడు ఏ ఊళ్లో ఉన్నాడో కూడా ఇప్పటికీ నాకు తెలియదు.

బెంజీన్_బుజ్జి

అయ్యో. మా లీడ్ కూడా కాంపౌండ్ పేర్లు లేకుండా రాయాల్సి వచ్చిందన్నారు. ఇంటర్వ్యూలో హెచ్‌పీఎల్‌సీ గురించి అడిగారు కానీ అది నా రెజ్యూమెలో కూడా ఉంది. మాస్టారు చెప్పినట్టు అది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పలేను. "హెచ్‌పీఎల్‌సీ మెథడ్ గురించి అడిగారు, మీ దగ్గర నేర్చుకున్నదే చెప్పాను" అని రాస్తే?

ఫార్మా_పవన్

అంతకంటే ఏం కావాలి. నాకు వస్తే ప్రింట్ తీసి డెస్క్ మీద పెట్టుకుంటాను.

బెంజీన్_బుజ్జి

మేడమ్‌కి ఇది రాసుకున్నాను, చూడండి:

"గౌరవనీయులైన మేడమ్ గారికి, మీ ఆశీస్సులతో, మీరు ఇచ్చిన అమూల్యమైన లెటర్ వల్ల నాకు అమెరికాలో పీహెచ్‌డీ సీటు వచ్చింది. మీ లెటర్ లేకపోతే నాకు ఈ అవకాశం వచ్చేదే కాదు. మీ మేలు ఈ జన్మలో మరచిపోలేను. ఇట్లు మీ శిష్యురాలు."

పాతచాక్‌పీస్

ఇలాంటివి నాకు చాలా వచ్చాయమ్మా. పేరు తీసేస్తే ఏది ఎవరు రాశారో చెప్పలేను. ఏ యూనివర్సిటీ, ఎప్పుడు చేరతావు, ఏం అడిగారు, ఒక్కటీ ఇందులో లేదు. "మీ లెటర్ లేకపోతే వచ్చేదే కాదు" అన్నది నీకు తెలిసిన సంగతి కాదు. ఆ కమిటీ గదిలో నువ్వు లేవు. ఇక్కడ మాకు చెప్పిన స్టిల్ కథ అక్కడ ఎందుకు లేదు?

గోదారి_గాలి

"ఆశీస్సులు" ఉండనివ్వండి మాస్టారూ, చదివే మేడమ్‌కి బాగుంటుంది.

పాతచాక్‌పీస్

ఉండనీ, చివర్లో. ముందు వార్త.

ల్యాబ్‌కోటు

రాని చోట్ల గురించి కూడా ఒక లైన్ రాయి. అన్నింటికీ అప్‌లోడ్ చేసింది ఆవిడే కదా. సీటు వచ్చిన ఒక్కటే చెబితే మిగతావి ఏమయ్యాయో అడగడానికి మొహమాటపడతారు.

బెంజీన్_బుజ్జి

మళ్లీ రాశాను:

"మేడమ్, ఇండియానాలో కెమిస్ట్రీ పీహెచ్‌డీకి సీటు వచ్చింది, టీచింగ్ అసిస్టెంట్‌షిప్ ఇచ్చారు. ఒప్పుకున్నాను. ఆగస్టులో చేరాలి, ఇంకా వీసా కావాలి.

జనవరిలో జూమ్‌లో ఇంటర్వ్యూ చేశారు. ఆర్గానిక్ విభాగం ప్రొఫెసర్ ఒకరు మొదటి ప్రశ్నగా 'మీ గైడ్ టీహెచ్‌ఎఫ్ స్టిల్ రంగు గురించి రాశారు, ఏం జరిగిందో చెప్పండి' అన్నారు. అది నా ఎస్‌ఓపీలో లేదు, మీరు రాశారని అప్పుడే తెలిసింది. నోట్‌బుక్‌లో యీల్డ్ పక్కన రంగు ఎందుకు రాయడం మొదలుపెట్టానో చెప్పాను. రంగు తగ్గడానికి కారణం తడేనని, గాలి లోపలికి పోవడం కాదని ఎలా తేల్చుకున్నావని అడిగారు. నైట్రోజన్ లైన్, జాయింట్లు ముందే చూశామని, సోడియం మార్చగానే రంగు నిలిచిందని చెప్పాను. సగం ఇంటర్వ్యూ దాని చుట్టూనే నడిచింది.

అప్లై చేసిన మిగతా చోట్ల ఒకదాంట్లో వచ్చింది, వద్దని రాశాను. రెండింట్లో రాలేదు. ఒకటి ఇంకా తేలలేదు. డిసెంబర్‌లో పేపర్లు దిద్దే హడావిడిలో కూడా అన్నింటికీ గడువుకి ముందే పంపారు. నేను చిన్న విషయమని వదిలేసింది మీరు గుర్తుపెట్టుకుని రాశారు. దానికి మీకు చాలా చాలా థాంక్స్ మేడమ్. వెళ్లే ముందు వచ్చి కలుస్తాను, మీ ఆశీస్సులు కావాలి."

కర్నూలు_కిరణం

ఒక్క అక్షరం మార్చకు.

డల్లాస్_మూర్తి

బాగుంది. యూనివర్సిటీ పేరు కూడా రాయి, "ఇండియానాలో" అంటే మేడమ్ గెస్ చేయాలి.

బెంజీన్_బుజ్జి

అసలు మెయిల్‌లో ఉంది మూర్తిగారూ, ఇక్కడ తీసేశాను.

పాతచాక్‌పీస్

గాలి లోపలికి పోవడం గురించి అడిగిన ప్రశ్న ఉంచడం చాలా మంచి పని. మీ మేడమ్ వచ్చే ఏడాది పిల్లలకి ఇంటర్వ్యూ ముందు అదే అడుగుతారు చూడు.

చీర సంగతి. ప్రభుత్వ యూనివర్సిటీ ఉద్యోగులకి బహుమతుల విషయంలో నియమాలు ఉంటాయి, ఆవిడని ఇరుకున పెట్టకు. లెటర్ ఇవ్వక ముందు పండు కూడా పట్టుకెళ్లకూడదు. ఇప్పుడు పని అయిపోయింది కాబట్టి ఒక స్వీట్ ప్యాకెట్, అదీ స్టాఫ్ రూమ్‌లో అందరికీ. నాకైతే పిల్లలు చేరాక పంపిన వాళ్ల మొదటి పేపర్ కాపీలు ఇంకా బీరువాలో ఉన్నాయి.

ఉప్మా_వద్దు

స్వీట్ అంటే కాజానా, పూతరేకులా? ఇది తేలకుండా థ్రెడ్ మూయొద్దు.

గోదారి_గాలి

పూతరేకులు. ఇందులో తేలడానికేముంది.

బెంజీన్_బుజ్జి

ముగ్గురికీ పంపేశాను. అమ్మని ఒప్పించాను, కానీ చుట్టాలకి మాత్రం వీసా వచ్చాకే.

మేడమ్ గంటలో ఫోన్ చేశారు. స్టిల్ సంగతి లెటర్‌లో పెట్టాలా వద్దా అని చాలాసేపు ఆలోచించారట, మరీ చిన్న విషయం అనుకుంటారేమోనని. ఇంటర్వ్యూలో అడిగిన ప్రశ్నలన్నీ వరసగా రాసి పంపమన్నారు, జూనియర్లు ఇద్దరు ఈ డిసెంబర్‌లో అప్లై చేస్తున్నారు. వాళ్ల నోట్‌బుక్స్ ఇప్పుడే తెప్పించుకుని చూస్తారట.

లీడ్ గారు పెద్ద రిప్లై ఇచ్చారు. హెచ్‌ఓడీ సార్ నుంచి ఇంకా ఏమీ రాలేదు.

కర్నూలు_కిరణం

వస్తుందిలే. రాకపోయినా నువ్వు రాయాల్సింది రాశావు.

సిరిసిల్ల_సిరి

ఇదంతా చదివాక నా ప్రశ్న మారింది. నేను పోయిన డిసెంబర్‌లో అప్లై చేశాను, అన్నీ రిజెక్ట్. మళ్లీ ట్రై చేస్తాను, అందుకే ఫార్మాట్ అడిగాను. పాత లెటర్లు ఇచ్చినవాళ్లకి నేనింకా ఏమీ చెప్పలేదు, ముఖం చెల్లక. ఏమని రాయాలి? ఆ లెటర్లే మళ్లీ వాడుకోవచ్చా?

ల్యాబ్‌కోటు

మామూలుగా కుదరదండీ. కొత్త అప్లికేషన్ తెరిస్తే రిఫరీకి మళ్లీ కొత్త లింక్ వెళ్తుంది, వాళ్లు మళ్లీ అప్‌లోడ్ చేయాలి. పాతవి ఉంచుకునే చోట్లు కొన్ని ఉంటాయి, ఆ డిపార్ట్‌మెంట్‌కే మెయిల్ చేసి అడగాలి. ఎలా చూసినా వాళ్ల దగ్గరికి వెళ్లక తప్పదు.

పాతచాక్‌పీస్

సిరీ, ఇప్పుడే రాయమ్మా, అక్టోబర్ దాకా ఆగొద్దు. ఎక్కడెక్కడ అప్లై చేశావో, ఎక్కడా రాలేదని, ఇంటర్వ్యూ దాకా వెళ్లినవి ఏవైనా ఉంటే అక్కడ ఏం అడిగారో రాయి. లెటర్ ఇచ్చినందుకు థాంక్స్ చెప్పు. తర్వాత ఈ ఏడాదిలో కొత్తగా ఏం చేశావో ఒక పేజీ రాసి, దాన్ని కలిపి మళ్లీ ఇవ్వగలరా అని అడుగు. సీటు రాలేదని ఏ మాస్టారూ కోప్పడడు. నేను చూసినంతలో రెండోసారి రాసిన లెటరే బాగా కుదురుతుంది, పిల్లలు ఏం చేశారో అప్పటికి మాకు ఇంకా బాగా తెలుస్తుంది.

సిరిసిల్ల_సిరి

ఇంటర్వ్యూ ఒక్కటే వచ్చింది మాస్టారూ. అందులో నా ప్రాజెక్ట్ గురించి అడగనేలేదు, గ్యాప్ ఎందుకొచ్చిందని మాత్రం అడిగారు. అది కూడా రాయాలా?

పాతచాక్‌పీస్

ముఖ్యంగా అదే రాయాలి. ఆ గ్యాప్‌లో నువ్వేం చేశావో నీ గైడ్‌కి తెలిస్తే ఈసారి లెటర్‌లో ఆయనే ఒక వాక్యం రాస్తారు. నువ్వు చెప్పుకుంటే సంజాయిషీలా ఉంటుంది, ఆయన చెబితే సాక్ష్యం. ఈ రాత్రికి డ్రాఫ్ట్ పెట్టు, చూద్దాం.